నానమ్మ వెనక ఉన్న ఊరు

నా ఉద్యోగమే బ్యాక్‌గ్రౌండ్లు మార్చడం. సికింద్రాబాద్‌లో ఒక కలర్ ల్యాబ్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో కార్ల మధ్య నిలబడ్డ జంటను పది నిమిషాల్లో స్విట్జర్లాండ్ మంచులో నిలబెట్టేస్తాను. ఆకాశం బాగాలేకపోతే వేరే ఆకాశం పెడతాను. నా కంప్యూటర్‌లో కోటలు, జలపాతాలు, కొబ్బరి తోటలు ఫోల్డర్లు ఫోల్డర్లుగా ఉంటాయి. ఇందులో కొత్తేం లేదు. 1880లలోనే మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన లాలా దీన్ దయాళ్ కాలం నుంచి స్టూడియోల్లో మనుషుల వెనక బొమ్మల తెరలు వేలాడుతూనే ఉన్నాయి. నా తెర కంప్యూటర్‌లో ఉంది, అంతే తేడా.

అందుకే పోయిన దసరాకు నానమ్మ ఒక పాత గుడ్డ మూట నా ముందు పెట్టినప్పుడు, ఇది ఒక సాయంత్రం పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

మూటలో ఉన్నది నానమ్మ, తాత పెళ్లి ఫోటో. 1967 ఎండాకాలం. ఇన్నాళ్లూ అది నానమ్మ పుట్టింట్లో, ఆమె తమ్ముడి దగ్గర ఉంది. పండక్కి వచ్చిన చిన్నతాత సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో దాన్ని ఇచ్చి వెళ్లాడు. ఫోటో నాలుగు ముక్కలు. ఒక ముక్క పగిలిన అద్దానికే అతుక్కుని ఉంది. పైన ఎడమ మూల అసలు లేనే లేదు.

"తాత మొహం మంచిగనే ఉంది నానమ్మా, చేసేద్దాం" అన్నాను.

"తాత ఫోటోలకేం తక్కువరా! రైల్వే పాసు మీద ఉన్నది, పింఛన్ కాగితం మీద ఉన్నది. ఎనుక మా ఊరు కానొస్తదేమో సూడు. మా ఊరికి ఇదొక్కటే ఫోటో."

నానమ్మ పుట్టిన ఊరు కొల్లాపూర్ ప్రాంతంలో, కృష్ణ ఒడ్డున ఉండేది. 'ఉండేది' అనే అనాలి. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. నాలుగేళ్లకు నానమ్మ పెళ్లి. 1981లో నీళ్లు వస్తున్నాయని ఊళ్లు ఖాళీ చేయించారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఆ జలాశయం కిందికి పోయాయి. వాటిలో ఇదొకటి. ఆ రోజు సామాను ట్రాక్టర్ ఎక్కిస్తుంటే ఫ్రేమ్ జారి బండ మీద పడింది. ఫోటో చిరిగింది అప్పుడే.

మనుషులు మిగిలారు, ఊరు చెరిగింది

ఫోటోలో నానమ్మ, తాత ఇద్దరూ స్పష్టంగా ఉన్నారు. నానమ్మ జడ, ముదురు రంగు చీర, తాత మీసం అన్నీ కనిపిస్తాయి. వాళ్ల వెనక మాత్రం లేత పసుపు కాగితం తప్ప ఏమీ లేదు. ఎవరో ఊరిని మాత్రమే రబ్బరుతో తుడిచేసినట్టు ఉంది.

దీనికి కారణం ఉంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో నలుపు అంటే సన్నని వెండి రేణువులు. నల్లగా ఉన్నచోట వెండి ఎక్కువ, తెల్లగా ఉన్నచోట తక్కువ. డార్క్‌రూమ్‌లో చివరన ప్రింట్‌ను 'హైపో' అనే మందులో ముంచి, తర్వాత పారే నీళ్లలో కడగాలి. ఆ రోజుల మందపాటి కాగితానికి గంటసేపైనా కడిగితే తప్ప హైపో పూర్తిగా వదలదు. వనపర్తి నుంచి బస్సులో వచ్చిన ఫోటోగ్రాఫర్ ఎండాకాలంలో అన్ని నీళ్లు ఎక్కడ తెచ్చాడో పాపం. కాగితంలో మిగిలిపోయిన హైపో ఏళ్ల తరబడి వెండిని తింటూ పోతుంది. నల్లటి వెండి కాస్తా పసుపుపచ్చని వెండి సల్ఫైడ్‌గా మారుతుంది.

జుట్టులో, చీరలో వెండి దండిగా ఉంది కాబట్టి కొంత పోయినా బొమ్మ నిలిచింది. దూరంగా ఎండలో తెల్లగా మెరుస్తున్న ఊరికి మొదటి నుంచీ ఉన్నదే కొద్ది వెండి. అది ముందే అయిపోయింది. మీ ఇంట్లో పాత ఫోటోలు ఉంటే చూడండి. మొహాలు ఉంటాయి, తెల్ల చొక్కా మడతలు, వెనక గోడలు పోతాయి.

అద్దానికి అతుక్కున్న ముక్కను నేను పీకలేదు. ఫోటో పైపొర జెలటిన్, అంటే ఒక రకం జిగురు. తేమ తగిలితే అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే బొమ్మ అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. అందుకే ఆ ముక్కను అద్దంతోనే, రెండు పక్కల నుంచీ లైట్లు ఏటవాలుగా పెట్టి కెమెరాతో తీశాను. మిగతా మూడు ముక్కల్ని 1200 డీపీఐలో, కలర్‌లో స్కాన్ చేశాను. బ్లాక్ అండ్ వైట్ ఫోటోకు కలర్ ఎందుకని ల్యాబ్‌లో అందరూ నవ్వారు. ఆ మాటకు తర్వాత వద్దాం.

ముక్కల్ని కలపడంలోనూ ఒక చిక్కు ఉంది. కాగితం చిరిగినప్పుడు బొమ్మ ఉన్న పైపొర ఒకచోట, కింది కాగితం ఇంకోచోట తెగుతుంది. అంచున తెల్లటి వాలు కనిపిస్తుంది. కాగితం అంచుల్ని కలిపితే బొమ్మ తప్పుతుంది. నేను చీర అంచు గీతను, తాత భుజం గీతను పట్టుకుని ముక్కలు జరిపాను. అవి కలిశాక మిగతావి వాటంతట అవే కూర్చున్నాయి.

కొబ్బరి చెట్టు యాడిది?

ఇక వెనక ఊరు. ఖాళీని చూస్తే నా చెయ్యి ఊరుకోదు. నా ఫోల్డర్లలోంచి ఒక పల్లెటూరు తీశాను. పెంకుటిళ్లు, రెండు కొబ్బరి చెట్లు, దూరంగా నీలం కొండ. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి, కొంచెం మసక పట్టించి, పాత ఫోటో గరుకు కలిపాను. ల్యాబ్‌లో మావాళ్లు "అరె, ఒరిజినల్ లెక్కనే ఉంది" అన్నారు. ఆ రాత్రే ప్రింట్ తీసుకెళ్లి నానమ్మ చేతిలో పెట్టాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తాత మొహం మీద వేలు పెట్టింది. ఆ వేలు మెల్లగా వెనక్కి జరిగింది.

"ఇది ఏ ఊరురా?"

"మీ ఊరే నానమ్మా."

"మా ఊర్ల కొబ్బరి చెట్టు యాడిది? పెంకుటిల్లు యాడిది? అన్నీ మట్టి మిద్దెలే ఉండె." ఫోటో నాకు తిరిగి ఇచ్చేసింది. కోపంగా కాదు. పక్కింటివాళ్ల కొరియర్ మనింటికి వస్తే తిరిగి ఇచ్చేస్తామే, అలా.

నాకు సిగ్గేసింది. నేను చెడగొట్టింది ఒక ఫోటోను కాదు. ఆ ఊరికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం మీద ఇంకో ఊరిని అతికించాను. యాభై ఏళ్ల తర్వాత మా పిల్లలెవరైనా ఆ ప్రింట్ చూసి నానమ్మ ఊళ్లో కొబ్బరి తోటలుండేవని చెప్పుకుంటారు. కాదని చెప్పడానికి నీళ్ల కింద నుంచి ఎవరూ రారు.

ఆ ఫైల్ తీసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి మూడు లేయర్లు పెట్టుకున్నాను. ఒకటి 'ఫోటో', అంటే కాగితంలో నిజంగా ఉన్నది. రెండోది 'నానమ్మ', అంటే మనుషుల జ్ఞాపకంలో ఉన్నది. మూడోది 'నేను', అంటే నేను ఊహించింది. ఏ గీత గీసినా ముందు అది ఎవరిదో తేల్చుకుని ఆ లేయర్‌లోనే గీయాలి.

నీలంలో దాక్కున్న ఊరు

ఇప్పుడు కలర్ స్కాన్ సంగతి. కంప్యూటర్‌లో ఏ కలర్ ఫోటో అయినా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చిత్రాల కలయిక. వాటినే ఛానల్స్ అంటారు. చెరిగిపోయిన ఊరు నిజంగా మాయం కాలేదు, నలుపు నుంచి పసుపుకు మారింది. తెల్ల కాగితం మీద లేత పసుపు మన కంటికి ఆనదు. కానీ పసుపు రంగు నీలి కాంతిని మింగేస్తుంది. అందుకని నీలం ఛానల్ ఒక్కటే చూస్తే, ఆ పసుపు ముదురుగా కనపడుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేసి ఉంటే ఈ తేడా అంతా కలిసిపోయి పోయేది.

నీలం ఛానల్ ఒక్కటే ఉంచి, కాంట్రాస్ట్ మెల్లగా పెంచాను. రాత్రి పదకొండు దాటింది. ముందు ఏమీ లేదు. తర్వాత తాత భుజం పక్కన సన్నని అడ్డగీత. దాని కింద ఇంకొకటి. అవి మిద్దెల కప్పులు! ఒకదాని వెనక ఒకటి మెట్లలా ఉన్నాయి. ఇంకా పైన ఒక గుట్ట వంపు, దాని నెత్తిన ఒక గుండు. కుడి పక్కన చిన్న గుడిలాంటి ఆకారం. గుడి పక్కన గుబురుగా ఒక చెట్టు.

నానమ్మను నిద్ర లేపాలనిపించింది. లేపలేదు. మంచిదే అయింది, ఎందుకంటే వాటిలో ఒకటి అబద్ధం.

పొద్దున స్క్రీన్ మీద చూపించాను. గుట్టను చూసి నానమ్మ "గుండ్ల గుట్ట" అంది. గుడిని చూసి "అంజన్న" అంది. చెట్టు దగ్గర ఆగిపోయింది. "ఈడ చెట్టు లేదురా."

మర్చిపోయి ఉంటుంది, 58 ఏళ్లయింది కదా అనుకున్నాను. అనుమానం తీరక ఎరుపు ఛానల్‌తో పోల్చి చూశాను. నీలంలో కనపడే ప్రతి పసుపూ బొమ్మ కాదు. తేమ మరక కూడా పసుపే. రెండూ ఎరుపు ఛానల్‌లో దాదాపు మాయమవుతాయి, అందుకే మోసపోతాం. తేడా అంచుల్లో తెలుస్తుంది. నీటి మరక ఆరేటప్పుడు మురికిని చివరికి నెట్టుకుంటూ పోతుంది, కాబట్టి దాని అంచు లోపలికంటే ముదురుగా, ఒంపులు తిరిగి ఉంటుంది. నా 'చెట్టు' అంచు సరిగ్గా అలాగే ఉంది. పైగా అది గుడి మీదుగా పోయి, ఆకాశంలోకి పోయి, తెల్లటి మార్జిన్‌లోకి కూడా పోయింది. చెట్టు ఫోటో దాటి మార్జిన్‌లోకి పెరగదు కదా!

నానమ్మ చెప్పిందే నిజం. మరకను తీసేశాను.

ఎవరి ఎడమ?

వారం తర్వాత ఇంకో గొడవ. ఊరు ఎలా ఉండేదో చెప్పమని నానమ్మను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేశాను. "అంజన్న గుడి మాకు ఎడమ చేతి పక్క ఉండె" అంది. ఫోటోలో గుడి కుడి పక్కన ఉంది.

అప్పట్లో నెగటివ్‌ను తిరగేసి పెట్టి ప్రింట్ చేసే పొరపాటు జరిగేది. అదైతే మొత్తం ఫోటో అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఇది తేల్చడానికి మనిషి ఒంటి మీద గుర్తులు చూడాలి. తాత చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద, గడియారం ఎడమ చేతికి, నానమ్మ పైట ఎడమ భుజం మీద. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫోటో తిరగబడలేదు.

మరి నానమ్మ తప్పా? మళ్లీ అడిగాను. ఈసారి ఆమె లేచి, వంటింటి గడప ముందు నిలబడి, వీపు గోడకు పెట్టి చూపించింది. "నేనిట్ల నిలవడ్డ. ఏరు నా ముంగట. ఊరు నా ఎనుక. అంజన్న ఇటు." ఎడమ చెయ్యి చాపింది.

ఆమె ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడ్డ నాకు ఆ చెయ్యి కుడి పక్కన కనపడింది.

ఇద్దరమూ చెప్తున్నది ఒకటే. నేను ఫోటో బయటి నుంచి చూస్తున్నాను, ఆమె ఫోటో లోపల నిలబడి చెప్తోంది. ఆ రోజు నుంచి ఎడమ, కుడి అని అడగడం మానేశాను. "అంజన్న పక్కనా? తాత పక్కనా?" అని అడిగాను. జవాబులన్నీ ఫోటోతో కలవడం మొదలైంది.

మే నెలలో, నీళ్లు దిగాక

శ్రీశైలం జలాశయం నిండితే 885 అడుగుల మట్టానికి నీళ్లుంటాయి. ఎండాకాలం వచ్చేసరికి వెనక్కి తగ్గుతాయి. అప్పుడు మునిగిన ఊళ్ల పునాదులు కొన్నిచోట్ల బయటపడతాయి. సంగమేశ్వరం గుడి ఏటా కొన్ని నెలలు నీళ్లలోంచి తేలుతుందని మీరు వీడియోల్లో చూసే ఉంటారు. మే నెలలో రెండు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను. నానమ్మ రాలేదు. "మోకాళ్లు" అంది. మోకాళ్లు మాత్రమే కాదని నాకు తెలుసు.

చిన్నతాత బండి మీద ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఎండి పగుళ్లిచ్చిన బురద, మధ్యమధ్యలో వరుసగా పేర్చిన రాళ్లు. మట్టి గోడలు ఎప్పుడో కరిగి ఏట్లో కలిశాయి. కింది రాళ్లే మిగిలాయి. అంజన్న విగ్రహాన్ని ఊరితోపాటే కొత్త ఊరికి తీసుకెళ్లారు. గుడి కట్టిన రాతి అరుగు మాత్రం అక్కడే ఉంది.

నీళ్లు ముంచలేనిది ఒకటుంది. గుట్ట. నా ఫోన్‌లో నీలం ఛానల్ ఫోటో తెరిచి, దాని మీద గుట్ట గీతను ఎదురుగా ఉన్న గుట్టతో పోల్చాను. వంపు అదే, నెత్తిన గుండు అదే. ఫోటోలో ఆ గుండు సరిగ్గా గుడి అరుగు కుడి అంచుకు పైన వస్తుంది. నేను నిలబడ్డచోటు నుంచి చూస్తే అరుగుకు చాలా అవతల ఉంది. దగ్గరున్న వస్తువు, దూరంగా ఉన్న వస్తువు ఒకే గీత మీదికి రావాలంటే మనం నిలబడే చోటు మారాలి. పక్కకు నడిచాను. ఇంకొంచెం. గుండు మెల్లగా జరిగి అరుగు అంచు పైకి వచ్చింది. ఆ గీత మీదే ముందుకూ వెనక్కీ నడుస్తూ, గుండుకూ గుట్టలో ఇంకో పక్కనున్న నొక్కుకూ మధ్య ఆ అరుగు ఎంత వెడల్పు కనపడుతుందో ఫోటోతో పోల్చుకుని ఆగాను.

1967లో ఆ వనపర్తి ఫోటోగ్రాఫర్ కెమెరా పట్టుకుని నిలబడింది అక్కడ, లేదా అక్కడికి కొన్ని అడుగుల అటూ ఇటూ. వెనక్కి తిరిగి చూశాను. నా వీపు వెనకాలే కృష్ణ.

చిన్నతాత నా ఫోన్ తీసుకుని కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత ఎడమ పక్కన ఒక రాళ్ల వరుస దగ్గరికి నడిచి నిలబడ్డాడు. "మన ఇల్లు ఇదే" అన్నాడు. ఫోటోలో అది ఎక్కడ వస్తుందో చూశాను. పైన ఎడమ మూల. చిరిగి పోయిన ముక్కలో.

వాళ్లింటికి వెళ్లాక ట్రంకు పెట్టెలోంచి పరిహారం అప్పటి కాగితం తీశాడు. ఇంటికి డబ్బులు కట్టడానికి ఆ రోజు రాసుకున్న లెక్క. మట్టి గోడలు, మిద్దె కప్పు, తలుపులు రెండు, వేప చెట్టు ఒకటి. పోయిన ముక్కలో ఏముందో చెప్పే కాగితం ప్రపంచంలో అదొక్కటే. దాన్ని రాసినాయనకు అది ఒక ఫోటోకు పనికొస్తుందని తెలిసి ఉండదు.

పోయిన మూల

తిరిగొచ్చాక 'ఫోటో' లేయర్ పని పది రోజుల్లో అయిపోయింది. నీలం ఛానల్‌లో దొరికిన మిద్దెలను, గుడిని, గుట్టను కనపడేంత ముదురు చేశాను. అంతకు మించి పదును పెట్టలేదు. దూరంగా ఉన్న ఊరు కెమెరాలోనే కొంచెం మసకగా పడింది. దాన్ని స్పష్టంగా చేయాలంటే కిటికీలు నేనే గీయాలి. ఆకాశాన్నీ అలాగే వదిలేశాను. ఎండకు తెల్లబోయిన ఆకాశంలో మబ్బులు ఉన్నాయో లేదో ఏ ఛానల్ కూడా చెప్పలేదు.

ఇక ఆ మూల. వీడియో కాల్‌లో నానమ్మను, చిన్నతాతను ఎదురెదురుగా కూర్చోబెట్టి, నేను పెన్సిల్‌తో గీస్తూ పోయాను. వాకిలి గుడి వైపా, ఏటి వైపా? ఏటి వైపు. రెండో తలుపు? దొడ్డి వైపు, అది ఫోటోలో రాదు. వేప చెట్టు కప్పు కంటే ఎత్తా? "సగం మిద్దె మీద నీడ ఉండె" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. మెట్ల దగ్గర గొడవైంది. నానమ్మ మూడంది, చిన్నతాత నాలుగన్నాడు.

"నాలుగోది మెట్టు గాదు, బండ. అమ్మ దాని మీద కూసొని బియ్యమేరేది" అంది నానమ్మ.

చిన్నతాత కాసేపు మాట్లాడలేదు. "అవునక్కా" అన్నాడు.

ఇద్దరూ ఒప్పుకున్నవి, కాగితంలో ఉన్నవి మాత్రమే గీశాను. తేలనివి వదిలేశాను. ఆ మూలను మిగతా ఫోటో కంటే ఒక పిసరు లేతగా ఉంచాను. గోడ మీద ఉన్నప్పుడు కంటికి ఒకే ఫోటోలా ఉంటుంది. దగ్గరికి వచ్చి చూస్తే, ఎక్కడ చిరిగిందో, ఎక్కడి నుంచి చెయ్యి గీసిందో తెలుస్తుంది. మా ల్యాబ్‌లో ఇది తప్పు పని. కస్టమర్ అయితే "అతుకు కనిపిస్తోంది" అని వెనక్కి పంపేవాడు.

ప్రింట్ ఇచ్చిన రోజు నానమ్మ బాల్కనీలో వెలుగులోకి వెళ్లి కూర్చుంది. ఈసారి వేలు తాత మొహం మీద ఆగలేదు. అంజన్న, గుండ్ల గుట్ట, మిద్దెలు, చివరికి ఆ మూల. బండ మీద ఆగింది.

"బాగుందా నానమ్మా? ఇట్లనే ఉండెనా ఆ రోజు?"

"నాకేం ఎరుకరా!" అంది.

నాకు గుండె జారింది.

"ఆ రోజు నేను ఊరును యాడ జూసిన? ఊరు నా ఎనుక ఉండె. ఫోటో ఆయన కదలొద్దన్నడు. ఏరే జూసుకుంట నిలవడ్డ." ఫోటోను ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది. "గిప్పుడు జూస్తున్న."

అసలు ముక్కల్ని ఆసిడ్ లేని కాగితం కవర్లో వేసి, బట్టల మధ్య కాకుండా తేమ తగలని చోట పెట్టాను. కొత్త ప్రింట్ వెనక మెత్తటి పెన్సిల్‌తో రాశాను. గుట్ట, గుడి, మిద్దెలు: ఫోటో. ఇల్లు, మూడు మెట్లు, బండ: నానమ్మ, చిన్నతాత. తలుపు, వేప చెట్టు: పరిహారం కాగితం.

'నేను' అన్న లేయర్‌లో చివరికి ఏమీ మిగల్లేదు. దాన్ని డిలీట్ చేసి ఫైల్ సేవ్ చేశాను.